పెట్టె మారితే చాలు, సరుకును ముట్టుకోనక్కర్లేదు

పదేళ్ల కిందటి పెళ్లి వీడియో ఒకటి మెమొరీ కార్డులో ఉంది. ఫోన్‌లోకి ఎక్కిస్తే తెరుచుకోవడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఏదో ఒక కన్వర్టర్ యాప్ దించుకుని, ఫైలును అందులో వేసి, 'ఎంపీ4గా మార్చు' అన్న బటన్ నొక్కుతారు. కంప్యూటర్ గంటో రెండు గంటలో వేడెక్కుతుంది. కొత్త ఫైలు ఫోన్‌లో ఆడుతుంది. కార్డు ఖాళీ చేయడానికి పాత ఫైలును చెరిపేస్తారు.

ఈ వరుసలో మొదటి తప్పు చెరిపేయడం కాదు, అంతకుముందే జరిగింది. మార్చాల్సింది పెట్టెను. యాప్ మార్చింది లోపలి సరుకును. బస్తాలోని బియ్యం డ్రమ్ములోకి పోసుకోవాలంటే ఎవరూ వాటిని మళ్లీ మిల్లుకు తీసుకెళ్లి పాలిష్ పట్టించరు. వీడియోల విషయంలో మాత్రం రోజూ జరుగుతున్నది అదే. పాలిష్ పట్టిన ప్రతిసారీ గింజ కొంత అరుగుతుంది, అరిగింది తిరిగి రాదు.

వీడియో ఫైలు అనేది ఒకే వస్తువు కాదు. అందులో బొమ్మల ధార ఒకటి, శబ్దం ధార ఒకటి, కొన్నిసార్లు ఉపశీర్షికల ధార ఒకటి ఉంటాయి. ఒక్కో ధారను కుదించి రాసే పద్ధతిని కోడెక్ అంటారు. హెచ్.264, ఏసీ-3, ఏఏసీ లాంటివి కోడెక్‌ల పేర్లు. ఈ ధారలన్నింటినీ కలిపి, ఏ బొమ్మ ఏ క్షణాన రావాలో, దానితో ఏ శబ్దం వినిపించాలో గుర్తులు వేసి సర్దిపెట్టే పెట్టెను కంటైనర్ అంటారు. ఎంపీ4, ఎంకేవీ, వెబ్‌ఎం అనేవి ఆ పెట్టెల పేర్లు. ఫైలు పేరు చివరన కనిపించేది పెట్టె పేరే. లోపల ఏముందో ఆ పేరు పూర్తిగా చెప్పదు.

ధారలను ఏమాత్రం విప్పకుండా ఒక పెట్టెలోంచి తీసి మరో పెట్టెలో సర్దడమే రీమక్స్. ధారను పూర్తిగా విప్పి, బొమ్మలుగా మార్చి, ఆ బొమ్మలను మళ్లీ కుదించి రాయడం రీ-ఎన్‌కోడ్. మొదటిది సామాను బదిలీ. రెండోది సామానును కరిగించి మళ్లీ పోత పోయడం.

తేడా ఎంతో ఆ పెళ్లి వీడియోతోనే చూడవచ్చు. సోనీ, పానసోనిక్ సంస్థలు 2006లో ప్రకటించిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో పనిచేసే క్యామ్‌కార్డర్లు ఆ తర్వాతి కొన్నేళ్లపాటు పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, పాఠశాల వార్షికోత్సవాల్లో బాగా తిరిగాయి. వాటి కార్డు తెరిస్తే `STREAM` అనే ఫోల్డర్‌లో `00012.MTS` లాంటి పేర్లతో ఫైళ్లు కనిపిస్తాయి. అలాంటి ఫైలు ఒకటి గంట నిడివితో, సెకనుకు సగటున 17 మెగాబిట్ల వేగంతో రికార్డయిందనుకుందాం. 17ను 3600తో హెచ్చించి 8తో భాగిస్తే 7,650 మెగాబైట్లు, అంటే సుమారు 7.65 గిగాబైట్లు.

ఆ 17 మెగాబిట్లు ఇప్పటికే గట్టిగా పిండిన సరుకు. 1920 × 1080 చుక్కల బొమ్మలో, ఒక్కో చుక్కకు సగటున ఒకటిన్నర బైట్ల చొప్పున, సెకనుకు 25 బొమ్మలు కుదించకుండా రాస్తే సెకనుకు దాదాపు 622 మెగాబిట్లు కావాలి. క్యామెరా దాన్ని సుమారు ముప్ఫై ఆరో వంతుకు తెచ్చింది. పట్టుచీర జరీలోని సన్నటి గీతలు, హోమం పొగలోని మెత్తటి ఛాయలు ఆ కుదింపులోనే కొంత పోయాయి. మిగిలినదాన్ని కన్వర్టర్ విప్పి, మరోసారి కుదిస్తుంది. రెండో కుదింపుకు ఏది అసలు జరీనో, ఏది మొదటి కుదింపు మిగిల్చిన మచ్చో తెలియదు. మచ్చలను కూడా వివరాలే అనుకుని వాటిమీద బిట్లు ఖర్చు పెడుతుంది, అసలు వివరాలకు అంతమేర కోత పడుతుంది.

కదలిక విషయంలో నష్టం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కాలపు క్యామ్‌కార్డర్లు మన దేశంలో ఎక్కువగా ఇంటర్‌లేస్డ్ పద్ధతిలో రికార్డు చేసేవి. సెకనుకు 25 పూర్తి బొమ్మల బదులు 50 సగం బొమ్మలు తీస్తాయి. వీటిని ఫీల్డ్‌లు అంటారు. ఒకదానిలో బేసి గీతలు, తర్వాతిదానిలో సరి గీతలు ఉంటాయి. అంటే కదలికను సెకనుకు 50 సార్లు పట్టుకున్నట్టు. సాధారణ కన్వర్టర్లు రెండు ఫీల్డ్‌లను కలిపి ఒక బొమ్మ చేసి, సెకనుకు 25 బొమ్మలుగా రాసేస్తాయి. తలంబ్రాలు పోసే చేతుల వేగంలో సగం నమూనాలు అక్కడే పోతాయి. కొన్ని యాప్‌లు కలపకుండా యథాతథంగా మళ్లీ కుదించడం వల్ల, కదిలే వస్తువుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి చారలు శాశ్వతంగా అచ్చుపడతాయి. రీమక్స్ చేస్తే 50 ఫీల్డ్‌లూ అలాగే ఉంటాయి. వాటిని ఎలా కలిపి చూపాలన్నది చూసే సమయంలో ప్లేయర్ నిర్ణయిస్తుంది. పదేళ్ల తర్వాత ఇంతకంటే మంచి పద్ధతి వస్తే అప్పుడూ పనికొస్తుంది.

ఇక పెట్టె మార్చే పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఇందుకు ఎక్కువగా వాడే ఉచిత సాధనం ఎఫ్ఎఫ్ఎంపెగ్. ముందుగా లోపల ఏముందో అడగాలి.

```
ffprobe 00012.MTS
```

సోనీ క్యామ్‌కార్డర్ ఫైలైతే జవాబులో తరచుగా మూడు ధారలు కనిపిస్తాయి. బొమ్మలకు `h264`, శబ్దానికి `ac3`, మూడోది `hdmv_pgs_subtitle`. మాటలు రాయని పెళ్లి వీడియోలో ఉపశీర్షికలేమిటన్న సందేహం సహజం. అవి మాటలు కావు. రికార్డు చేసిన తేదీ, సమయం. క్యామెరా వాటిని తెరమీద చూపడానికి చిన్న బొమ్మల రూపంలో రాసిపెట్టింది. ముహూర్తం ఎన్నింటికి జరిగిందో చెప్పే ఆధారం ఈ మూడో ధారలో ఉంది.

ఇప్పుడు మూడింటినీ ముట్టుకోకుండా ఎంపీ4 పెట్టెలోకి పంపాలని ప్రయత్నిస్తే:

```
ffmpeg -i 00012.MTS -map 0 -c copy pelli.mp4
```

`-map 0` అంటే ఫైలులోని ధారలన్నీ, `-c copy` అంటే విప్పకుండా నకలు తీయమని. కంప్యూటర్ ఒప్పుకోదు. తెరమీద ఇలా వస్తుంది:

```
Could not find tag for codec hdmv_pgs_subtitle in stream #2,
codec not currently supported in container
```

ఈ నిరాకరణలో అర్థం ఉంది. ఎంపీ4 పెట్టెలో ప్రతి ధారకూ నాలుగు అక్షరాల పేరుపలక ఉండాలి. హెచ్.264 ధారకు `avc1`, ఏసీ-3 ధారకు `ac-3` అని ఉమ్మడిగా నమోదైన పేర్లున్నాయి. పలక చూసే ప్లేయర్ ఏ ధారను ఎలా విప్పాలో తెలుసుకుంటుంది. బ్లూ-రే డిస్కుల కోసం పుట్టిన ఈ బొమ్మల ఉపశీర్షికలకు ఎంపీ4లో అలాంటి పలక లేదు. పేరులేని సరుకును పెట్టెలో పడేస్తే తీసేవాడికి అదేమిటో తెలియదు కాబట్టి సాధనం ముందే ఆగిపోతుంది. ఇది నిజాయతీ గల నిరాకరణ.

ప్రమాదం నిరాకరణలో లేదు, మౌనంలో ఉంది. అదే ఆజ్ఞలో `-map 0` రాయకపోతే సాధనం ఒక బొమ్మల ధారను, ఒక శబ్దం ధారను తానే ఎంచుకుని, ఇమడని మూడోదాన్ని వదిలేసి పని పూర్తిచేస్తుంది. ఎర్రటి హెచ్చరికేదీ కనిపించదు. వీడియో చక్కగా ఆడుతుంది. తేదీ, సమయం చూపే ధార మాత్రం అందులో ఉండదు. బటన్ ఒక్కటే చూపించే యాప్‌లు చాలావరకు ఇలాగే ప్రవర్తిస్తాయి.

అదృష్టవశాత్తూ ఈ మూడూ పట్టే పెట్టె ఉంది. 2002లో మొదలైన మట్రోస్కా ప్రాజెక్టు దాన్ని రూపొందించింది. ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యన్ చెక్కబొమ్మల పేరే దానికి పెట్టారు. ఫైలు పేరు చివరన `.mkv` అని ఉంటుంది. చాలా రకాల ధారలకు అందులో చోటుంది, బ్లూ-రే ఉపశీర్షికలకు కూడా. దాని నిర్మాణ వివరాలు 2024లో ఆర్ఎఫ్‌సీ 9559 పేరుతో బహిరంగ ప్రమాణంగా వెలువడ్డాయి. దాచిపెట్టుకునే ప్రతికి ఇది మంచి ఎంపిక.

```
ffmpeg -i 00012.MTS -map 0 -c copy pelli.mkv
```

ఈ పని రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. లెక్కలేమీ లేవు కాబట్టి డిస్కు చదివే, రాసే వేగమే పరిమితి. గంట నిడివి ఫైలుకు కంప్యూటర్ గంటసేపు ఫ్యాను తిప్పుతోందంటే అక్కడ జరుగుతున్నది రీమక్స్ కాదని వెంటనే తెలుసుకోవచ్చు.

పని పూర్తయ్యాక కొత్త ఫైలు పాతదానికంటే కొంచెం చిన్నగా ఉంటుంది. ఏదో పోయిందని కంగారు పడనక్కర్లేదు. పాత ఎంటీఎస్ పెట్టె సరుకును 192 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా కడుతుంది. ప్రసారంలో కొంత భాగం చెడినా మిగతాది దొరకాలన్న ఉద్దేశంతో పుట్టిన పద్ధతి అది. ఒక్కో పొట్లంలో కనీసం 8 బైట్లు చిరునామాకూ గడియారం గుర్తుకూ పోతాయి, అంటే 4 శాతానికి పైగా. మట్రోస్కాకు అన్ని పొట్లాలు అక్కర్లేదు. తగ్గింది కట్టిన కాగితం బరువు.

నిజంగా బొమ్మలు మారలేదని నమ్మకం ఎలా? ఇక్కడ చాలామంది తడబడతారు. రెండు ఫైళ్ల ఎండీ5 సంఖ్యలను నేరుగా పోలిస్తే తేడా వస్తుంది, పెట్టెలు వేరు కాబట్టి. విప్పని ధారలను పోల్చినా తేడా రావచ్చు. పాత పెట్టెలో హెచ్.264 ముక్కల మధ్య `00 00 00 01` అన్న సరిహద్దు గుర్తు ఉంటుంది. ఎంపీ4, మట్రోస్కా పెట్టెల్లో ఆ గుర్తు బదులు 'ఈ ముక్క ఇన్ని బైట్లు' అన్న పొడవు రాస్తారు. రీమక్స్ చేసేటప్పుడు సాధనం ఈ గుర్తులను మార్చుతుంది. ముక్క లోపలి సరుకు జోలికి పోదు. కాబట్టి పోల్చాల్సింది విప్పిన తర్వాత వచ్చే బొమ్మలను.

```
ffmpeg -i 00012.MTS -map 0:v:0 -fps_mode passthrough -f md5 -
ffmpeg -i pelli.mkv -map 0:v:0 -fps_mode passthrough -f md5 -
```

రెండు ఆజ్ఞలూ వీడియోను మొత్తం విప్పి, ప్రతి చుక్కనూ లెక్కలోకి తీసుకుని ఒక్కో సంఖ్యను చూపిస్తాయి. రెండు సంఖ్యలూ ఒకటే అయితే రెండు ఫైళ్లలోనూ బొమ్మలు చుక్కకు చుక్క ఒకటే. రీ-ఎన్‌కోడ్ చేసిన ప్రతితో ఈ పరీక్ష చేస్తే, కంటికి తేడా తెలియకపోయినా సంఖ్యలు కలవవు. శబ్దానికి `0:v:0` బదులు `0:a:0` రాస్తే సరిపోతుంది. ఆ తర్వాత ఫైలు మొదట్లో, మధ్యలో, చివరన పెదవుల కదలికతో మాట కలుస్తోందో లేదో ఒకసారి చూసుకోవాలి. ఎందుకంటే ఈ సంఖ్యలు బొమ్మలను చూస్తాయి, గడియారాన్ని చూడవు.

ఇదంతా ఫోన్ సమస్యను తీర్చదు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. దాచుకునే ప్రతి వేరు, పంచుకునే ప్రతి వేరు. పంచుకునేందుకు ఎంపీ4 కావాలంటే మూడో ధారను తెలిసి వదిలేయవచ్చు. అప్పుడు ఇంకో రకం చిక్కు ఎదురవుతుంది. ఏసీ-3 శబ్దానికి ఎంపీ4లో పేరుపలక ఉంది కాబట్టి పెట్టె దాన్ని తీసుకుంటుంది. కానీ చాలా ఫోన్లలో, బ్రౌజర్లలో ఆ శబ్దాన్ని విప్పే ఏర్పాటు ఉండదు. బొమ్మ కనిపిస్తుంది, మంగళవాద్యాలు వినిపించవు. పెట్టె ఒప్పుకున్నా ప్లేయర్ ఒప్పుకోని జంట ఇది. దోషం ఫైలుదని భ్రమపడి మొత్తాన్ని రీ-ఎన్‌కోడ్ చేయడం ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు. శబ్దాన్ని ఒక్కదాన్నే మార్చి, బొమ్మలను అలాగే ఉంచవచ్చు.

```
ffmpeg -i 00012.MTS -map 0:v:0 -map 0:a:0 -c:v copy -c:a aac -b:a 192k panchuko.mp4
```

శబ్దం మరోసారి కుదింపుకు లోనైన మాట నిజమే. కానీ ఫైలులో అధిక భాగమైన బొమ్మల ధార చెక్కుచెదరలేదు. పైగా ఏసీ-3 ధార అసలు రూపంలో మట్రోస్కా ప్రతిలో భద్రంగా ఉంది.

అసలు కుదరనే కుదరని జంటలూ ఉన్నాయి. వెబ్‌ఎం అందుకు మంచి ఉదాహరణ. 2010లో గూగుల్ ప్రకటించిన ఈ పెట్టె నిర్మాణంలో మట్రోస్కా సంతానమే. తల్లి దాదాపు అన్నింటినీ చేరదీస్తే, బిడ్డకు మాత్రం చిన్న జాబితా రాసిచ్చారు. పెళ్లి వీడియోలోని హెచ్.264 ధారను అందులోకి నకలు తీయబోతే వచ్చే జవాబు ఇది:

```
Only VP8 or VP9 or AV1 video and Vorbis or Opus audio
and WebVTT subtitles are supported for WebM.
```

ఇక్కడ సాంకేతిక అడ్డంకి లేదు. ఆ బైట్లు మట్రోస్కాలో పడితే ఇందులోనూ పడతాయి. అడ్డం వచ్చింది నియమం. పేటెంట్ రుసుములు లేని కోడెక్‌లతోనే వెబ్ వీడియో నడవాలన్న నిర్ణయంతో ఈ జాబితాను కట్టారు. చాలా కంపెనీల పేటెంట్లున్న హెచ్.264కు అందులో చోటు లేదు. వికీమీడియా కామన్స్ ఎంపీ4 ఫైళ్లను తీసుకోకపోవడం వెనకా ఇదే ఆలోచన. తమ ఊరి జాతరనో, పెద్దవాళ్ల పాటనో క్యామెరాతో తీసి తెలుగు వికీపీడియా వ్యాసానికి జోడించాలనుకునేవారికి రీ-ఎన్‌కోడ్ తప్పదు. అలాంటప్పుడు చేయాల్సింది ఒకటే. ఆ మార్పును క్యామెరా ఇచ్చిన అసలు ఫైలు నుంచి నేరుగా, ఒక్కసారే చేయాలి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ప్రతి నుంచి కాదు.

రీ-ఎన్‌కోడ్ తప్పుడు పని అని దీని అర్థం కాదు. ఫైలు పరిమాణం తగ్గాలన్నా, బొమ్మ అంచులు కత్తిరించాలన్నా, కావలసిన క్షణంలో కచ్చితంగా కోయాలన్నా అదే దారి. రీమక్స్‌లో కోత ఎక్కడ పడితే అక్కడ కుదరదు. వీడియోలో అప్పుడప్పుడూ వచ్చే పూర్తి బొమ్మ దగ్గరే కొత్త ముక్క శుభ్రంగా మొదలవుతుంది, ఎందుకంటే మధ్యలోని బొమ్మలు పక్కవాటితో తేడాలుగా మాత్రమే రాసి ఉంటాయి. అభ్యంతరం రీ-ఎన్‌కోడ్ మీద కాదు, అవసరం లేనిచోట, అడగకుండా, చెప్పకుండా అది జరగడం మీద.

చెప్పకుండా పోయేవాటిలో కంటికి కనిపించనిది మరొకటి ఉంది. చాలా ఏవీసీహెచ్‌డీ క్యామ్‌కార్డర్లు రికార్డు చేసిన తేదీని, సమయాన్ని ఉపశీర్షికల ధారలోనే కాక హెచ్.264 ధార లోపల కూడా, బొమ్మల మధ్య చిన్న చీటీల రూపంలో రాస్తాయి. కొన్నింటిలో ఎక్స్‌పోజర్ వివరాలూ ఉంటాయి. ధారను నకలు తీస్తే ఈ చీటీలు దానితో పాటే ప్రయాణిస్తాయి. మూడో ధారను వదిలేసిన ఎంపీ4లో కూడా ఇవి మిగులుతాయి. రీ-ఎన్‌కోడ్‌లో ధారను బొమ్మలుగా విప్పేస్తారు, చీటీలు బొమ్మలు కావు కాబట్టి సాధారణంగా రాలిపోతాయి. కొత్త ఫైలుకు తేదీ ఏమిటని అడిగితే, మార్పిడి చేసిన రోజు తేదీయే చెబుతుంది. స్థలం తగాదాలో, ప్రమాద విచారణలో, ఊరి చరిత్ర రాసే పనిలో ఆ వీడియో ఎప్పుడైనా అవసరపడితే, అప్పటికి దాని పుట్టినరోజు పోయి ఉంటుంది.

అందుకే కన్వర్టర్లు తయారుచేసేవారిని రెండు విషయాలు గట్టిగా అడగాలి. బటన్ నొక్కగానే ముందు నకలుకు ప్రయత్నించాలి, కుదరకపోతేనే, కుదరని ధారను మాత్రమే మార్చాలి. వదిలేస్తున్న ప్రతి ధార పేరూ తెరమీద చెప్పాలి. ధారలను చదివి చెప్పే సమాచారం ఆ యాప్‌ల చేతిలో ఎలాగూ ఉంది, దాచడానికి కారణం లేదు. అలాగే వీడియోలు కోరే సంస్థలు, పోటీల నిర్వాహకులు, కళాశాలలు 'ఎంపీ4 మాత్రమే' అని రాస్తే సరిపోదు. అది పెట్టె పేరు. లోపల ఏ కోడెక్ ఉన్నా చెల్లుతుందనుకుని ఒకరు ఏసీ-3తో పంపితే అక్కడ మాట వినిపించదు, మరొకరు భయపడి అంతా రీ-ఎన్‌కోడ్ చేస్తారు. 'ఎంపీ4లో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో' అని ఒక్క వాక్యం రాస్తే చాలామందికి రెండు నిమిషాల నకలుతో పని తీరుతుంది.

ఇళ్లలో ఉన్న కార్డుల విషయంలో తొందర ఒకటి నిజంగానే ఉంది. ఆ క్యామ్‌కార్డర్లు మూలన పడ్డాయి, ఏళ్ల తరబడి వాడకుండా పడున్న కార్డులు ఎప్పుడు చదవకుండా మొరాయిస్తాయో చెప్పలేం. ముందు కార్డులోని ఫోల్డర్‌ను మొత్తంగా, పేర్లు మార్చకుండా రెండు చోట్లకు కాపీ చేయాలి. ఆ తర్వాత మట్రోస్కా ప్రతి, ఆపైన ఫోన్ కోసం ఎంపీ4. ఎండీ5 సంఖ్యలు కలిసేదాకా, తేదీ చూపే మూడో ధార కొత్త ఫైలులో కనిపించేదాకా, పాత ఫైలు మీద చెరిపే బటన్ నొక్కకూడదు.